తెల్ల ప్లేటు పసుపు అయ్యేదాకా

ఒడిశాలోని బరంపురంలో క్యాబ్ నడుపుదామని నా కారు ఆర్సీ ఫోటో యాప్‌లో పెట్టిన రాత్రే తిప్పి పంపేశారు. బండి తరగతి సరిపోలేదట. ఆర్సీ తీసి చూస్తే Motor Car(LMV) అని ఉంది, అంటే సొంత వాడకానికి. వాళ్లకి Motor Cab(LPV), అంటే కిరాయికి తిప్పే బండి కావాలి. నాలుగేళ్లుగా ఆ కార్డు పర్సులోనే ఉన్నా ఆ లైను ఎప్పుడూ చదవలేదు.

ఇచ్ఛాపురంలో ఉండే మా బావకి ఫోన్ చేస్తే, "వద్దురా, తెల్ల ప్లేటుతోనే బేరాలు కొట్టకు, నాలా అయిపోతావు" అన్నాడు. ఆయన సొంత కారులో పెళ్లివాళ్లని కిరాయికి తీసుకెళ్తూ కల్వర్టుకి గుద్దాడు. మనుషులకి ఏం కాలేదు, కారు ముందు భాగం పోయింది. ప్రయాణికులు డబ్బులిచ్చామని చెప్పడంతో ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఇవ్వలేదు. ప్రైవేటు కారు పాలసీలో వాడకం పరిమితులనే చోట కిరాయికి వాడకూడదని రాసే ఉంటుంది. దీనికి తోడు, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా పడొచ్చు.

సరే, మార్పిద్దామని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఒడియా, బయట జెరాక్స్ షాపులో తెలుగు. అసలు సలహాలన్నీ ఆ జెరాక్స్ షాపులోనే దొరికాయి. కారు మీద లోను ఉంది కాబట్టి ముందు ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్ఓసీ తెమ్మన్నారు. దానికే వారం పట్టింది. తర్వాత తరగతి మార్పు దరఖాస్తు, మళ్లీ ట్యాక్స్ లెక్క.

నేను చేసిన తప్పు ఇన్సూరెన్స్ దగ్గర. పాత ప్రైవేటు పాలసీకి ఇంకా అయిదు నెలలుంది కదా, అయ్యాక చూద్దాం అనుకున్నాను. కుదరదు. ఆర్సీ క్యాబ్‌గా మారాక పాలసీ కూడా క్యాబ్‌దే ఉండాలి, లేకపోతే పర్మిట్ దరఖాస్తు ముందుకి కదలదు. నా కారు 1,197 సీసీ. 2022లో ఖరారైన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం ప్రైవేటు అయితే ఏడాదికి 3,416 రూపాయలు. అదే క్యాబ్ అయితే 7,940, దాని మీద ఒక్కో ప్రయాణికుడికి 978. నలుగురికి లెక్కేస్తే మొత్తం 11,852 అవుతుంది, జీఎస్టీ వేరు. నెలకి ఎన్ని ట్రిప్పులు వేస్తే గిట్టుబాటవుతుందో లెక్కేసుకునేవాళ్లు ఇది ముందే రాసుకోండి. నేను రాసుకోలేదు.

ఫిట్‌నెస్ రోజు ఇంకో టెన్షన్. ప్రైవేటు కారుకి మొదటి పదిహేనేళ్లు ఈ గొడవే లేదు. క్యాబ్‌కి మాత్రం ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా చూపించాలి. లొకేషన్ పరికరం, వెనక సీటు పక్కన ఎర్ర ప్యానిక్ బటన్ పెట్టించి తీసుకెళ్లాను. ఇన్‌స్పెక్టర్ గారు వెనక కూర్చుని బటన్ నొక్కి, ఫోన్‌లో చూసి, "ఏమీ రావడం లేదే" అన్నారు. లైటు వెలుగుతోంది, సిమ్ ఉంది. కానీ బిగించిన షాపువాడు ఆ పరికరాన్ని నా బండి నంబరుతో పోర్టల్‌లో జత చేయలేదు. పరీక్ష మళ్లీ ఇంకో రోజుకి పడింది. కాబట్టి షాపులో ఉండగానే మీ నంబరు కొట్టి, బండి ఎక్కడుందో స్క్రీన్ మీద చూపించమనండి.

లైసెన్స్ విషయంలో నేను అనవసరంగా భయపడ్డాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదాన్ని బట్టి, 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్స్ చాలు, ట్రాన్స్‌పోర్ట్ అని విడిగా రాయించుకోనక్కర్లేదు. కానీ బ్యాడ్జి సంగతి వేరు. అది ప్రయాణికులని ఎక్కించుకునే డ్రైవరుకి ఇచ్చే అనుమతి, మా యాప్ వాళ్లు కూడా అడిగారు. ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం ఒక్క పూటలో అయిపోయింది. పోలీసు విచారణకి మాత్రం చాలా రోజులు ఆగాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌ని చూసి అమ్మ కంగారుపడి, "మా వాడు ఏం చేశాడు బాబూ" అంది.

ఇక పర్మిట్. ఒడిశా లోపలే తిరిగేవాళ్లకి రాష్ట్ర పర్మిట్ సరిపోతుంది. మాకు అది చాలదు. బరంపురం దాటి కాస్త దూరం వెళ్తే ఆంధ్రే, మంచి బేరాలన్నీ విశాఖకే. రాష్ట్ర పర్మిట్‌తో ప్రతిసారీ సరిహద్దు దాటాలంటే తాత్కాలిక పర్మిట్, ఆ రాష్ట్రం ట్యాక్స్ కట్టాలి. అందుకే డబ్బు ఎక్కువైనా ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకున్నాను. ఇది మొత్తం ఆన్‌లైన్‌లోనే. దీనితో తిరిగేటప్పుడు ఎక్కినవాళ్ల పేర్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో రాసిన జాబితా దగ్గర ఉండాలి. ఫోన్‌లో ఉన్నా పర్లేదు.

పసుపు ప్లేటుతో మొదటి విశాఖ బేరం ఒక ముసలి దంపతులది. ఇచ్ఛాపురం దగ్గర తనిఖీవాళ్లు ఆపారు. పర్మిట్ చూశారు, జాబితా అడిగారు. వెనక నుంచి పెద్దాయన తన ఆధార్ కార్డు బయటికి తీసి, "నా పేరు సరిగ్గానే రాశావా నాయనా" అని అడిగాడు. ఒత్తు ఒకటి తప్పు పడింది, అక్కడే దిద్దాను.