పదకొండు నెలల సంవత్సరం

నెలాఖరుకు అద్దె అగ్రిమెంట్ అయిపోతుందని కింద ఉండే ఇంటి ఓనరు పెద్దమ్మ పొద్దున్నే గుర్తు చేసింది. "జనవరి ఒకటి నుంచి ఐదొందలు కలిపి ఇచ్చేయమ్మా, కాయితం నేను రాయిస్తాలే" అని పాలప్యాకెట్ పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. ఐదొందలు కొత్తేం కాదు, ఏటా పెంచేదే. నాకు మింగుడుపడనిది జనవరి. మేం ఈ ఇంట్లో దిగింది జూన్‌లో కదా?

ఈయనకు చెప్తే "ఐదొందలకు ఇంత రొదా" అని ఫోన్‌లోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం బీరువాలోంచి పాత స్టాంపు పేపర్లన్నీ తీసి మంచం మీద పరిచా.

మొదటిది 2021 జూన్ 1, అద్దె ఎనిమిది వేలు. పదకొండు నెలలు కాబట్టి 2022 ఏప్రిల్ ఆఖరుకు అయిపోయింది, మే ఒకటి నుంచి ఎనిమిదిన్నర. తర్వాతది 2023 ఏప్రిల్‌లో, ఆ తర్వాతది 2024 మార్చిలో, పోయినసారి 2025 ఫిబ్రవరిలో. ఇప్పుడు 2026 జనవరి. ప్రతి కాయితం ముందుదానికంటే నెల వెనక్కి జరిగింది. పెద్దమ్మ ఏటా పెంచుతోంది అనుకుంటున్నాం గానీ, ఆమె ఏడాదికి పదకొండు నెలలే. ఇట్టా పోతే పదకొండేళ్లు తిరిగేసరికి పన్నెండుసార్లు పెంచినట్టు అవుతుంది.

ఇక లెక్క వేయకుండా ఉండలేకపోయా. పన్నెండు నెలలకోసారి జూన్‌లోనే పెంచి ఉంటే, మొదటి ఏడు ఒక నెల ఐదొందలు మిగిలేది. రెండో ఏడు రెండు నెలలు, మూడో ఏడు మూడు, నాలుగో ఏడు నాలుగు. అంటే పది నెలల ఐదొందలు, ఇప్పటికి ఐదు వేలు. జనవరి నుంచి పెంచితే మే వరకు ఇంకో రెండున్నర వేలు. ఇంత గోల చేసి తేల్చింది ఐదు వేలేనా అని నాకే నవ్వొచ్చింది. నాలుగున్నరేళ్లకు ఐదు వేలంటే ఈయన మాటే రైటేమో.

కావలిలో మా వెనక వాటా అద్దెకిచ్చినప్పుడు నాయన కాయితమే రాయించలేదు. అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటి ఉండేది. ప్రతి నెలా అందులో తేదీ, డబ్బు, పక్కన ఇద్దరి సంతకాలు. పెంపు మాత్రం ఉగాది నుంచే. రైల్వేలో పనిచేసే ఆయన ఉండేవాడు ఆ వాటాలో, మాటకారి. ఒక ఏడు ఉగాది మార్చిలోనే వచ్చింది. "పోయినేడు ఏప్రిల్‌లో పెంచారు బాబాయ్, ఇంకా ఏడాది నిండలేదే" అని లంకించుకున్నాడు. నాయన పంచాంగం తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు ఆయన్ని. ఉగాది ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి మళ్లీ ముందుకు నెడుతుంది, ఒకసారి నువ్వు పోగొట్టుకుంటే ఇంకోసారి నేను పోగొట్టుకుంటా, లెక్క సరిపోతుంది అని. ఆయన అంతా విని, "అయితే అధికమాసం అద్దె మాఫీ చేస్తారా" అన్నాడు. నాయన అంత గట్టిగా నవ్వడం నేను తక్కువసార్లు చూశా. ఆ ఏడు పెంపు ఆపేశాడు కూడా. అమ్మ వారం రోజులు సాధించింది.

మొన్నటికి మొన్న ఉగాది 2023లో మార్చి 22న వచ్చి, 2024లో ఏప్రిల్ 9కి పోలేదూ. 2023లో శ్రావణం అధికమాసమైంది కాబట్టే. ఈ అగ్రిమెంట్లకు అధికమాసం లేదు. వెనక్కి జరగడమే గానీ మళ్లీ లాగేవాళ్లు లేరు.

అసలీ పదకొండు ఎందుకో మా లాయరు తమ్ముడిని అడిగా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఉందట. దాన్ని తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాయడం దేశమంతా అలవాటైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్ మార్చి, కాలంతో పని లేకుండా లీజు ఏదైనా రిజిస్టర్ చేయాల్సిందే అన్నారు. అంటే ఇక్కడ ఆ పదకొండు ఏ పనికీ రాదు, డాక్యుమెంట్ రైటర్ కంప్యూటర్‌లో ఉన్న ఫార్మాట్ కాబట్టి ఉంది. "మరి ముప్పయ్యొకటో తేదీ దాటితే మమ్మల్ని ఖాళీ చేయమనొచ్చా" అన్నా. "గడువైపోయాక కూడా ఆమె అద్దె తీసుకుంటుంటే నెలవారీ అద్దె కింద నడుస్తుందక్కా, ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి" అన్నాడు. కొంచెం టెన్షన్ తగ్గింది.

కానీ పెద్దమ్మ మీద కోపం తగ్గలేదు. పెద్దోడికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. జనవరిలో వేదాయపాళెం వదిలి ఎక్కడికి పోతాం? జూన్‌లో అయితే ఏ వీధిలో చూసినా టులెట్ బోర్డులే, నాలుగిళ్లు చూసి వచ్చి బేరమాడొచ్చు. ఇప్పుడు చూడ్డానికి ఒక్క ఇల్లు లేదు. నెలనెలా జరిగి జరిగి, మేం కదల్లేని నెల దగ్గరికి వచ్చి ఆగింది ఆ తేదీ. పోయిన నాలుగుసార్లూ ఆమె నోరెత్తకుండా ఐదొందలు కలిపింది అందుకేనా?

అన్నం తిన్నాక ఇదే మళ్లీ తిరగేస్తుంటే ఇంకో సంగతి తట్టింది. మేం నిజంగానే జనవరిలో ఖాళీ చేస్తే పెద్దమ్మ గతేంటి? పుష్యమాసంలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు. ఆ తర్వాత పరీక్షలు. పిల్లలున్న కుటుంబం మే దాకా రాదు. నాలుగు నెలలు ఖాళీగా పెడితే నలభై వేలు పోతాయి ఆమెకు, ఐదొందల చొప్పున రాబట్టుకోవాలంటే ఎన్నేళ్లు పట్టాలి? జూన్ అయితే ఆమెకు మంచిది. "వెయ్యి ఎక్కువిచ్చేవాళ్లు రెడీగా ఉన్నారమ్మా" అనగలదు. మరి నేను జూన్ కావాలని ఎందుకు కొట్లాడుతున్నా? జనవరిలో ఇద్దరం కదల్లేం, జూన్‌లో ఇద్దరికీ దారులుంటాయి. ఏది నాకు లాభమో తేల్చుకోలేకపోతున్నా.

పెద్దోడి ఇంటర్ ఎక్కడో తెలిసేది ఎటూ జూన్‌కే. అప్పుడు ఇల్లు మారేదీ లేనిదీ కూడా తేలుతుంది. అందుకే జూనే అడుగుదామనుకుంటున్నా. కాయితం పదకొండు నెలలకే రాయించుకోమంటా, దాంతో నాకు పేచీ లేదు. ఒక్క లైను చేర్చమంటా: "అగ్రిమెంట్ ఏ తేదీన రాసుకున్నా, అద్దె పెంపు ప్రతి సంవత్సరం జూన్ 1 నుంచి మాత్రమే." అప్పుడు కాయితం తేదీ ఎటు జరిగినా పెంపు జరగదు. ఈ లైను లేకపోతే ప్రతి కొత్త కాయితం కొత్త అద్దెకు సాకు అవుతుంది.

"అయిదు నెలల ఐదొందలు నేనెందుకు వదులుకోవాలి" అని ఆమె అంటే, జూన్‌లో ఏడొందలు పెంచుకోమంటా. నెలకు రెండొందల చొప్పున ఏడాదికి ఆమె రెండున్నర వేలు దాదాపు వచ్చేస్తాయి. మోటారు బిల్లు సంగతి ఎత్తుతుందేమో, ఎత్తితే దానికీ నా దగ్గర ఒక లెక్కుంది. రేపు ఈయన లేచేలోపే కిందికి వెళ్తా.