ఒక్క ‘యా’ దగ్గర పోయిన పరువు

నిన్న రాత్రి పదకొండున్నరకు ఆఖరి ఫైలు పంపేశాను. ఈజిప్టు చరిత్రకారుడు అల్-మఖ్రీజీ రాసిన ‘సులూక్’ అనే చరిత్ర గ్రంథంలో హిజ్రీ 658 నాటి భాగం, అంటే 1260లో బైబర్స్ కైరోలో సుల్తాను అయిన కాలం. అరబీ నుంచి ఇంగ్లీషులోకి, ఫుట్‌నోట్లతో సహా. ఇంకా కోపం చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

వాక్యాలు పెద్ద కష్టం కాదు. ‘ఫలానా నెలలో ఫలానావాడు వచ్చాడు, సుల్తాను అతనికి ఖిల్లత్ అనే గౌరవ వస్త్రం ఇచ్చాడు’ తరహాలోనే నడుస్తాయి. తారీఖులు మార్చడం ఒక పూట పని. అసలు గొడవంతా మనుషుల పేర్లకు తోకల్లా వేలాడే బిరుదులతో, ఉద్యోగాల పేర్లతో.

మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. దవాదార్, జామ్‌దార్, సిలాహ్‌దార్... హైదరాబాదులో పెరిగినవాడికి వీటికి నిఘంటువు ఎందుకు? తహసీల్దార్, జమీందార్, జాగీర్దార్ అంటూ పెరిగాం. ‘దార్’ అంటే ఫార్సీలో పట్టుకున్నవాడు, ఉన్నవాడు. దవాత్ అంటే సిరాబుడ్డి, కాబట్టి దవాదార్ అంటే సిరాబుడ్డి పట్టుకునేవాడు. జామా అంటే బట్టలు, కాబట్టి జామ్‌దార్ బట్టలు చూసేవాడు. అంతా చకచకా రాసుకుంటూ పోయాను. ఆరు పేజీల శాంపిల్‌కు 41 ఫుట్‌నోట్లు పెట్టాను. ఇన్ని పెట్టినందుకు మెచ్చుకుంటారనే అనుకున్నాను.

పని ఇచ్చినవాళ్లు శాంపిల్ మీద ఆన్‌లైన్ మీటింగు పెట్టారు. తొమ్మిది మంది ఉన్నారు. అందులో పరిశీలకుడు నా ఏడో నోటు తెరిచి, అందరికీ వినబడేలా నెమ్మదిగా చదివాడు. అది ‘బైబర్స్ అల్-బుందుక్‌దారీ’ అనే పేరు మీద నేను రాసిన నోటు. ‘బుందుక్‌దారీ: తుపాకీ భటుడు, బైబర్స్ సుల్తాను కాకముందు చేసిన ఉద్యోగం’ అని రాశాను. చదివి ఆగాడు. ‘1260లో తుపాకీ ఎక్కడిదండీ?’ అన్నాడు. ఎవరో మైకు ఆపడం మరిచిపోయి నవ్వారు. బందూకు అనే మాట చిన్నప్పటి నుంచి చెవిలో ఉండిపోయి నన్ను ముంచింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాకు అరబీ నేర్పిన మా ఉస్తాద్ దగ్గరికి పాతబస్తీకి వెళ్లాను. ఆయన నా కాగితం చూసి, తప్పు ఒక్కటి కాదు, రెండున్నాయన్నారు.

‘మొదటిది, బుందుక్ అంటే ఆ రోజుల్లో మట్టి ఉండ. విల్లులో పెట్టి పిట్టల మీదికి విసిరేవాళ్లు. తుపాకీ అర్థం చాలా తర్వాత వచ్చింది. మీ తెలుగులో ఉండేలు అంటారు చూడు, ఆ రకం. సుల్తాను వేటకు పోతే వెనకాల ఉండల సంచీ మోసేవాడు బుందుక్‌దార్.’

‘మరి రెండోది సార్?’

‘చివర ఆ యా అనే అక్షరం ఎందుకుందో చూశావా బేటా?’

చూడలేదు. ఆ ఒక్క అక్షరంలోనే అంతా ఉంది. బుందుక్‌దార్ అయినవాడు ఐదకీన్ అనే అమీరు, అంటే సైన్యాధికారి. అతని బానిసగా ఉన్నవాడు బైబర్స్. చివర యా చేర్చి ‘ఈ’ అని పలికితే ఆ మనిషికి చెందినవాడని అర్థం. బుందుక్‌దారీ అంటే బుందుక్‌దార్‌గారి మనిషి. బైబర్స్ ఉండల సంచీ మోశాడని ఆ పేరు చెప్పడం లేదు. ఎవరి సొత్తుగా మొదలయ్యాడో చెబుతోంది, అంతే. తర్వాత సుల్తాను అస్సాలిహ్ అయ్యూబ్ అతణ్ణి తన దగ్గరికి తీసుకున్నాడు కాబట్టి ‘అస్సాలిహీ’ అనే ఇంకో తోక కూడా ఉంటుంది. ఆ ఐదకీన్ తర్వాతి రోజుల్లో తన పాత బానిస కిందే అమీరుగా పనిచేశాడు. ఒక అక్షరాన్ని గమనించకపోతే కథ మొత్తం మాయం.

ఇంటికొచ్చి 41 నోట్లనూ మళ్లీ తీశాను. దవాదార్ నోటు కూడా కుళ్లిపోయిందే. నేను ‘సుల్తాను తరఫున ఉత్తరాలు, ఆజ్ఞలు నడిపించే అగ్ర అమీరు’ అని రాశాను. అది కైరో రచయిత కల్ఖషందీ రాసిన ‘సుబ్హుల్ ఆషా’ చూసి రాసింది. ఆ పుస్తకం పదిహేనో శతాబ్దం మొదట్లో పూర్తయింది. బైబర్స్ నాటి దవాదార్ హోదా చిన్నది. అది పెరిగి పెరిగి, బానిస సైనికుల నుంచి ఎదిగిన మమ్లూక్ సుల్తానుల్లో చివరివాడు తూమాన్ బే గద్దెనెక్కే ముందు పెద్ద దవాదారుగా ఉండే స్థాయికి చేరింది. అదే సిరాబుడ్డి ఉద్యోగం, మధ్యలో రెండున్నర శతాబ్దాలు. నేను తర్వాతి హోదాను తెచ్చి మొదటివాడికి తగిలించాను. ఈరోజు కలెక్టరును చూసి, కంపెనీ కాలం కలెక్టరు కూడా ఇంతే అని రాసినట్టు.

అప్పటినుంచి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాఠంలో అరబీ పదాన్నే ఉంచుతాను. అది మొదటిసారి వచ్చినచోట మాత్రమే నోటు. అందులో మాటకు అర్థం ఒక ముక్కలో చెప్పి, ఆ సంవత్సరంలో ఆ ఉద్యోగి నిజంగా ఏం చేసేవాడో రాసి, ఈ సంగతి ఏ కాలపు రచయిత చెబుతున్నాడో కూడా చేరుస్తాను. మాట అర్థాన్ని, పనిని ఒకటిగా కలపను. ‘అమీర్ మజ్లిస్’నే చూడండి. సభాధ్యక్షుడని రాసేస్తాం. కల్ఖషందీ ప్రకారం అతని పని వైద్యులనూ కంటి వైద్యులనూ చూసుకోవడం. 41 కాస్తా 11కు దిగాయి.

ఉస్తాదార్ దగ్గర మాత్రం నాలుగు రోజులు పోయాయి. ఇతను సుల్తాను ఇంటి ఖర్చులు, వంటశాల, నౌకర్లను చూసేవాడు. ఆధునిక పండితుల్లో చాలామంది ‘ఉస్తాద్ అద్-దార్’, అంటే ఇంటి పెద్ద అనుకుంటారు. ఇక్కడ దార్ అరబీ ‘ఇల్లు’. కల్ఖషందీ మాత్రం అది తప్పంటాడు. మాట ఫార్సీదని, మొదటి భాగం ‘తీసుకోవడం’, రెండోది మన జమీందారులోని ‘దార్’ అని వాదిస్తాడు. పరిశీలకుడు ఒకటి తేల్చి రాయమన్నాడు. నేను తేల్చలేదు. ఇద్దరి మాటా నాలుగు వరుసల్లో పెట్టి, ‘పనిమీద ఎవరికీ అనుమానం లేదు, పేరు పుట్టుకమీదే ఉంది’ అని రాశాను. మెయిలు మీద మెయిలు వచ్చింది. నేను కదల్లేదు. ఆ విషయంలో గెలిచాను, చెప్పుకోవాలి కదా.

కొత్తగా ఈ పనికి దిగేవాళ్లకు ఒకే మాట. డబ్బు లెక్క ముందే రాతపూర్వకంగా అడగండి. నాకు పదానికి ఇంత అని ఒప్పుకున్నారు. బిల్లు పంపాక ఫుట్‌నోట్లు లెక్కలోకి రావన్నారు. ‘అవి మీ వివరణలు కదండీ’ అని జవాబు. నాలుగు రోజుల ఉస్తాదారుకు పైసా రాలేదు. ఈ ఉదయం ఆ జవాబిచ్చిన మనిషి నుంచే ఇంకో మెయిలు. రెండో భాగంలో ‘హాజిబ్’ అని వస్తోంది, ద్వారపాలకుడని నోటు వేసేద్దామా అని. ముస్లింల పాలనలోని స్పెయిన్ అయిన అండలూసియాలో హాజిబ్ అంటే ప్రధానమంత్రి, కైరోలో సైనికుల తగాదాలు తీర్చే అమీరు. హాజిబ్ మీద జవాబు ఇంకా రాయలేదు. ముందు నోట్లకు రేటు చెప్పమన్నాను.