సెటిల్‌మెంట్ పత్రంలో ఒక్క అంకె: నా గ్రాట్యుటీ లెక్క సరిచేయించుకున్న అనుభవం

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి, 2024 మార్చి 15న రాజీనామాపై బయటికి వచ్చాను. ఏప్రిల్ మొదటి వారంలో సెటిల్‌మెంట్ పత్రం ఈమెయిల్‌లో వచ్చింది. అందులో జీతం, కోతలు, సెలవుల నగదు, గ్రాట్యుటీ ఒక్కొక్క వరుసలో ఉన్నాయి. గ్రాట్యుటీ ఎదురుగా 1,65,375 అని మాత్రమే ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పే లెక్క ఎక్కడా లేదు. కింద "నాకు రావలసినదంతా ముట్టింది" అనే వాక్యం, సంతకానికి ఖాళీ గీత ఉన్నాయి.

తొమ్మిదిన్నరేళ్లకు పైగా చేసిన ఉద్యోగం. మొత్తం చూడగానే తక్కువగా అనిపించింది కానీ, ఎంత తక్కువో తెలియలేదు. అకౌంట్స్‌లో రిటైరైన మా బాబాయికి ఫోన్ చేశాను. "పత్రంలో లెక్క లేకపోతే నువ్వే వెనక్కి భాగించు. ఏ సంఖ్యలతో గుణించారో దొరుకుతుంది" అన్నారు.

అలాగే చేశాను. నేను చేరింది 2014 ఆగస్టు 11న. అంటే సర్వీసు తొమ్మిదేళ్ల ఏడు నెలల అయిదు రోజులు. ముందు 1,65,375ను పదితో భాగిస్తే 16,537.50 వచ్చింది. దానికీ నా జీతానికీ ఎలా చూసినా పొంతన కుదరలేదు. తొమ్మిదితో భాగిస్తే మాత్రం సరిగ్గా 18,375 వచ్చింది. దాన్ని రెట్టింపు చేస్తే 36,750. అది నా బేసిక్ కాదు. 2023 అక్టోబరు ఇంక్రిమెంటుకు ముందు నా బేసిక్ 35,000, తర్వాత 38,500. 36,750 సరిగ్గా ఆ రెండింటికీ మధ్యలో ఉంది. అప్పుడు తట్టింది. మే నుంచి ఫిబ్రవరి దాకా పది నెలల సగటు తీస్తే, అయిదు నెలలు పాత జీతం, అయిదు నెలలు కొత్త జీతం. సగటు 36,750.

అంటే వాళ్లు పది నెలల సగటు తీసుకున్నారు, దాన్ని 30తో భాగించి 15 రోజుల జీతం కట్టారు, ఏడు నెలలను వదిలేసి తొమ్మిదేళ్లకే లెక్కించారు. మూడు వేర్వేరు పొరపాట్లలా కనిపించే ఇవి ఒకే చోటి నుంచి వచ్చాయి. గ్రాట్యుటీ చట్టం వర్తించని ఉద్యోగులకు ఎంత మొత్తంపై పన్ను మినహాయింపు ఉందో తేల్చడానికి ఆదాయపు పన్ను చట్టంలో ఉన్న సూత్రం అది. పది నెలల సగటు, అర నెల జీతం, నిండిన ఏళ్లే లెక్క. ఎవరో ఆ సూత్రాన్ని తెచ్చి అసలు చెల్లింపుకే వాడేశారు.

మా సంస్థలో దాదాపు రెండు వందల మంది పనిచేస్తారు. పదిమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థకు అప్పట్లో 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తించేది. ఆ చట్టం ప్రకారం లెక్క మరోలా ఉంటుంది. చివరగా తీసుకున్న బేసిక్, డీఏ ఉంటే అది కూడా కలిపి, 26తో భాగించి, 15తో గుణించాలి. నెలలో ఆదివారాలు తీసేస్తే మిగిలే పనిదినాలు 26 కదా, అందుకే ఆ అంకె. సర్వీసులో చివరి భాగం ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి. నాకు డీఏ లేదు, కాబట్టి లెక్క ఇలా ఉంది:

```
38,500 × 15 ÷ 26 × 10 = 2,22,115
```

తేడా 56,740 రూపాయలు.

వెంటనే హెచ్‌ఆర్ విభాగానికి రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: "మా ఫైనాన్స్ విభాగం అందరికీ 30 రోజుల లెక్కే వాడుతుంది." చట్టంలోని నాలుగో సెక్షన్‌ను ఉటంకిస్తూ మళ్లీ రాశాను. పరిశీలిస్తామన్నారు. ఈలోగా ఏప్రిల్ 12న పత్రంలోని పాత మొత్తం నా ఖాతాలో పడింది.

అప్పుడే అక్టోబరు నాటి ఇంక్రిమెంటు లేఖను బయటికి తీశాను. దాని వెనుక వార్షిక జీతం వివరాల పట్టిక ఉంది. ప్రావిడెంట్ ఫండ్ కింద చిన్న అక్షరాలతో "గ్రాట్యుటీ: 22,212" అని ఉంది. ఆ వరుస ఎన్నిసార్లు చూసి ఉంటానో, ఎన్నడూ పట్టించుకోలేదు. 38,500ను 26తో భాగించి 15తో గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే. 30తో భాగించి ఉంటే 19,250 రావాలి. జీతం ఎక్కువగా చూపించేటప్పుడు 26, చెల్లించేటప్పుడు 30! నాకు నిజంగా కోపం వచ్చింది. కంపెనీలు తమ జీతాల పట్టికల్లో గ్రాట్యుటీని బేసిక్‌లో 4.81 శాతంగా చూపించేది ఇందుకే. 15ను 26తో, తర్వాత పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. మీ లేఖలో ఆ శాతం ఉంటే, సంస్థ 26నే ఒప్పుకున్నట్టు.

ఆ పేజీ ఫొటో జతచేసి మూడో ఈమెయిల్ పంపాను. సంతకం చేయవలసిన పత్రంపై "గ్రాట్యుటీ మొత్తంపై అభ్యంతరం ఉంది, అందిన మేరకే సంతకం" అని చేత్తో రాసి పంపాను. ఫారం-ఐలో గ్రాట్యుటీ దరఖాస్తు కూడా విడిగా ఇచ్చాను. అప్పటికీ కాదంటే కార్మిక శాఖలోని కంట్రోలింగ్ అథారిటీ దగ్గరికి వెళ్లాలనుకున్నాను. వెళ్లవలసిన అవసరం రాలేదు.

సెలవుల నగదు విషయంలో మాత్రం నేను కొంత ఓడిపోయాను. ముందు ఇక్కడ కూడా 26తో భాగించాలని వాదించబోయాను. బాబాయి ఆపారు. "అది గ్రాట్యుటీ చట్టం మాట. నీది ఫ్యాక్టరీ కాదు కదా, సెలవులకు నీ సంస్థ విధానం ఏం చెబుతుందో చూడు" అన్నారు. విధానంలో బేసిక్‌ను 30తో భాగించాలని స్పష్టంగా ఉంది. రోజుకు 1,283 రూపాయలు, దానికి తిరుగులేదు.

కానీ రోజుల సంఖ్యలో తేడా ఉంది. డిసెంబరు చివర నా ఖాతాలో 30 ఆర్జిత సెలవులు ఉన్నాయి. జనవరిలో రెండు వాడుకున్నాను. పత్రంలో 28 చూపించారు. నెలకు ఒకటిన్నర చొప్పున చేరవలసిన కొత్త సెలవులు ఏమయ్యాయి? సాఫ్ట్‌వేర్ వాటిని మూడు నెలలకు ఒకసారి, మార్చి 31న జమ చేస్తుంది. నేను 15వ తేదీకే వెళ్లిపోయాను కాబట్టి జనవరి, ఫిబ్రవరి సెలవులు ఎక్కనే లేదు. ఆ మూడు రోజులు అడిగాను, ఒప్పుకున్నారు. 3,850 రూపాయలు పెరిగింది. మార్చిలో పనిచేసిన సగం నెలకూ అడిగాను. నిండిన నెలకే సెలవు అని విధానంలో ఉందని చూపించారు. అది నిజమే, వదిలేశాను.

ఉద్యోగాలు మారుతున్న మిత్రులు గమనించాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ గ్రాట్యుటీ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. అందులో వేతనం నిర్వచనం మారింది. అలవెన్సుల వంటివి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. బేసిక్ చాలా తక్కువగా పెట్టిన జీతాలకు ఇప్పుడు నా లెక్కను ఉన్నదున్నట్టు వాడకండి.

సవరించిన పత్రం మే మొదటి వారంలో వచ్చింది. ఈసారి గ్రాట్యుటీ పక్కన లెక్క కూడా ముద్రించారు. తేడా మొత్తం మే 10న ఖాతాలో పడింది. చెల్లించవలసిన ముప్పై రోజుల గడువు ఏప్రిల్ 14తో ముగిసింది కాబట్టి, ఆ 26 రోజులకు పది శాతం సాధారణ వడ్డీ కూడా అడిగాను. 404 రూపాయలు. అది మరో వారానికి వచ్చింది.