వంద గ్రాములు ఎలా చెప్పాలి: బరువు తరగతుల గురించి కొత్తవాళ్లకి రాసిన నా అనుభవం

బాక్సింగ్, కుస్తీ కొత్తగా చూసేవాళ్లకి బరువు తరగతులు అర్థమయ్యేలా ఓ వ్యాసం రాయాలని కూర్చున్నాను. మొదటి ప్రతిలో అందరూ చేసే పనే చేశాను: పెద్ద పట్టిక గీసి, అంకెలన్నీ అందులో పెట్టేశాను. విశాఖలో బాక్సింగ్ నేర్చుకుంటున్న ఒక కుర్రాడికి చూపిస్తే పైనుంచి కిందికి ఓసారి చూసి, ‘ఇదంతా సరే గురూ, మరి వినేశ్‌ని వంద గ్రాములకి ఎందుకు తీసేశారేటి?’ అన్నాడు. పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ ఫైనల్‌కి ముందు వంద గ్రాములు ఎక్కువ తూగారని వినేశ్ ఫొగాట్‌ని పోటీ నుంచి తీసేసిన సంగతి అడుగుతున్నాడు. నా పట్టికలో దానికి సమాధానం లేదు. యాభై కిలోల తరగతి అని రాశాను గానీ, ఆ యాభై ఏ పూట చూస్తారో రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. పట్టిక పక్కన పడేసి తూకం దగ్గర్నించి మొదలుపెట్టాను.

ముందు వంద గ్రాములంటే ఎంతో కంటికి కనబడాలి. ఇంట్లో డిజిటల్ తూకం ఉంటే గట్టి గచ్చు మీద పెట్టి ఎక్కండి. చాప మీదో, మ్యాట్ మీదో పెడితే అంకె నిలకడగా ఉండదు. ఇప్పుడు దిగి, అరలీటరు నీళ్లు తాగి, మళ్లీ ఎక్కండి. అరకిలో పెరిగారు. కొవ్వు పెరగలేదు, కండ పెరగలేదు, కడుపులో నీళ్లున్నాయంతే. వంద గ్రాములంటే అందులో అయిదో వంతు, మన వీధి చివర కాగితపు కప్పులో పోసే టీ అంత. ఇళ్లలో వాడే చాలా తూకాలు వంద గ్రాముల మెట్టుతోనే అంకె మారుస్తాయి. అంటే వినేశ్ దాటింది మనింటి తూకం మీద ఒక్క మెట్టు.

ఇక ఆ రెండు రోజుల లెక్క. 2024 ఆగస్టు 6, పారిస్. మహిళల ఫ్రీస్టైల్ 50 కిలోలు. కుస్తీలో ఒక తరగతి పోటీ రెండు రోజులు నడుస్తుంది, రెండు పొద్దుళ్లూ తూకం ఉంటుంది. మొదటి పొద్దున వినేశ్ బరువు 49.9. పాసయ్యారు. ఆ రోజే మూడు బౌట్లు: జపాన్ సుసాకి, ఉక్రెయిన్ లివాచ్, క్యూబా గుజ్మాన్. ముగ్గురినీ గెలిచారు. తూకానికీ బౌట్లకీ మధ్య, బౌట్‌కీ బౌట్‌కీ మధ్య కొంత తినాలి, తాగాలి. లేకపోతే మ్యాట్ మీద కాళ్లు నిలబడవు. సాయంత్రానికి బరువు సుమారు 2.7 కిలోలు పెరిగింది. అది తిండి, నీళ్లు, శరీరం పట్టి ఉంచుకున్న ద్రవం. ఇదేమీ వింత కాదు, బరువు దించుకుని దిగే ప్రతి కుస్తీ మనిషికీ తూకం అయ్యాక ఎంతో కొంత తిరిగొస్తుంది.

తేడా కొట్టింది మర్నాడు. రెండో పొద్దున ఫైనల్‌కి వెళ్లినవాళ్లూ, ఓడినా కంచు పతకం కోసం రెపెషాజ్‌లో ఆడే అవకాశం ఉన్నవాళ్లూ మళ్లీ తూకం ఎక్కాలి. మొదటి రోజు తూకానికి అరగంట ఇస్తారు, రెండో రోజు పావుగంటే. ఆ వ్యవధిలో ఎన్నిసార్లయినా ఎక్కచ్చు, కానీ గంట కొట్టేసరికి 50.0 దాటకూడదు. ఒంటికి వేసుకున్న సింగ్‌లెట్ అనే కుస్తీ దుస్తుల బరువుకి కూడా మినహాయింపు లేదు. రాత్రంతా నిద్ర మానేసి వ్యాయామం, ఆవిరి గది. చివరికి జుట్టు కూడా కత్తిరించారు. తూకం 50.1 దగ్గర ఆగింది.

ఇక్కడ పాఠకుడు అడిగేది ఒకటే: రెండున్నర కిలోలు దించినవాళ్లకి ఆ చివరి వంద గ్రాములు ఎందుకు దిగలేదు? రాత్రికి రాత్రి పోయేది నీరే. మొదట్లో చెమట ధారగా వస్తుంది, అంకె చకచకా దిగుతుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ శరీరం ఉన్నది దాచుకోవడం మొదలుపెడుతుంది, చెమట సన్నగిల్లుతుంది, మూత్రం తగ్గిపోతుంది. మొదటి కిలోకి పట్టినంత శ్రమ చివరి వంద గ్రాములకీ పట్టచ్చు.

విశాఖ పాఠకుల కోసం ఇక్కడ ఒక వాక్యం అదనంగా చేర్చాను. బీచ్ రోడ్డులో ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరిగెత్తితే చెమట బాగా పట్టిందని సంబరపడేవాళ్లున్నారు. చెమట కారడం వేరు, ఆరడం వేరు. ఒంటిని చల్లబరిచేది ఆరే చెమట. మన సముద్రపు ఉక్కలో మామూలుగానే అది ఆరదు, పైన ప్లాస్టిక్ కూడా ఉంటే వేడి లోపలే ఉండిపోతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు కొద్ది వారాల తేడాలో ఇలాగే బరువు దించబోయి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నియమాలు మార్చారు. తల తిరగడం, చెమట ఉన్నట్టుండి ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అది మొండిగా సాగించే సమయం కాదు.

రెండో పొద్దున తప్పితే ఆ ఒక్క బౌట్ పోవడంతో సరిపోదు. నియమం ప్రకారం మొత్తం పోటీ నుంచే తీసేసి, ఆఖరి స్థానంలో వేస్తారు. నిన్న గెలిచిన మూడు బౌట్లూ పతకం లెక్కలోకి రాలేదు. సెమీస్‌లో వినేశ్ చేతిలో ఓడిన గుజ్మాన్ ఫైనల్‌కి వెళ్లింది. అప్పీలు కూడా ఆగస్టు 14న వీగిపోయింది. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే, తూకం ఉండాల్సిందే, కానీ మొదటి రోజు సక్రమంగా తూగి గెలిచినదాన్ని కూడా తుడిచేయడం అతి. దాన్ని వ్యాసంలో మాత్రం రాయలేదు. నియమం చెప్పేచోట మన బాధ కలిపితే కొత్తవాడికి ఏది నియమమో తెలియదు.

బాక్సింగ్ భాగం చిన్నగానే ముగించాను, కానీ ఒక తేడా నొక్కి చెప్పాను. ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో బౌట్లు రోజుల తేడాతో జరుగుతాయి, బౌట్ ఉన్న ప్రతి పొద్దునా తూకం ఉంటుంది. అందుకని బాక్సర్ పోటీ సాగినన్నాళ్లూ ఆ బరువు చుట్టూనే బతకాలి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అయితే ముందు రోజే తూస్తారు, బౌట్‌కి ముందు తిరిగి తినడానికి దాదాపు ఒక రోజు దొరుకుతుంది. ఒకే మనిషి ఈ మూడు పద్ధతుల్లో మూడు వేర్వేరు తరగతుల్లో దిగచ్చు.

పేర్లు కూడా తీసేశాను. ‘లైట్‌వెయిట్’ అంటే అమెచ్యూర్లకి 60 కిలోలు, ప్రొఫెషనల్స్‌కి 135 పౌండ్లు, అంటే 61.2. అంకెతో రాస్తే గొడవ లేదు. ఆ అంకెలు కూడా ఎప్పటివో చెప్పాలి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ విజేత. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు కనక 50కి దిగి, 2023లో అక్కడ కూడా ప్రపంచ టైటిల్ గెలిచింది. తర్వాత తరగతులు మళ్లీ మారి 51 వచ్చింది. కుస్తీలో కూడా ప్రపంచ పోటీల్లో ఒక్కో శైలికి పది తరగతులుంటే, పారిస్‌లో ఆరే ఉన్నాయి.

చివర్లో ఆ కుర్రాడి లెక్కే ఉదాహరణగా వేశాను. వారం రోజులు పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు తూచుకోమన్నాను. 61.3 నించి 62.2 మధ్య ఆడింది. మగవాళ్ల బాక్సింగ్‌లో ఇప్పుడు 60, ఆ పైన 65 ఉన్నాయి. ఫ్రీస్టైల్ కుస్తీలో 61, ఆ పైన 65. తను 60కి దించుతానంటాడు. మొదటి ఏడాది పోటీకి రెండు కిలోల నీరు పోగొట్టుకుని రింగెక్కడం కన్నా 65లో కడుపునిండా తిని దిగడమే నయమని రాశాను. ఆ పేరా ఇంకా తనకి నచ్చలేదు.