"అక్కా, భిన్నాల మీద ఒక లెసన్ ప్లాన్ పంపవా": డెమోలో నేను బొక్కబోర్లా పడిన కథ

బీఎడ్ అయిపోయి, డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ లెక్కలకు చదువుకుంటూ కర్నూలులో రూములో ఉన్నప్పటి సంగతి ఇది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు, రూము అద్దె మాత్రం నెల తిరిగేసరికి వచ్చి నిలబడుతుంది. అందుకని ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పోస్టుకు అప్లై చేసినా. వాళ్లు గురువారం ఫోన్ చేసి "శనివారం డెమోకు రండి, భిన్నాలు చెప్పండి" అని పెట్టేశారు. నేను "సరే సార్" అన్నా, ఇంకేమీ అడగలేదు. వెంటనే మా కాలేజీ సీనియర్ అక్కకు, అప్పటికే టీచరుగా చేస్తోంది, మెసేజ్ పెట్టినా: "అక్కా, భిన్నాల మీద ఒక లెసన్ ప్లాన్ పంపవా, అర్జెంట్."

పది నిమిషాల్లో నాలుగు పేజీల ఫోటోలు వచ్చాయి. ముత్యాల్లాంటి రాత. ఆ రాత్రంతా కూర్చుని తెల్లకాగితాల మీద ఎత్తి రాసుకున్నా, ఎర్ర స్కెచ్‌తో గీతలు కూడా కొట్టినా. ఆ ప్లాన్‌లో ఉన్నది భిన్నాల భాగహారం, ఏడో తరగతికి, 45 నిమిషాల పీరియడ్‌కు. చదువుతున్నప్పుడు అదేమీ నా బుర్రకు ఎక్కలేదు, పైన "భిన్నాలు" అని ఉంది కదా, చాలనుకున్నా.

శనివారం పోతే ఐదో తరగతి గదిలోకి పంపించారు. టైము 20 నిమిషాలు. నేను పోయి బోర్డు మీద "వ్యుత్క్రమం" అని రాసినా. పిల్లలు ఆ మాటను నోట్సులో చక్కగా ఎక్కించుకున్నారు, పాపం. భిన్నాన్ని తిరగేసి గుణించాలని చెప్తుంటే ముందు బెంచీ పాప లేచి "సార్, ఎందుకు తిరగేయాల?" అంది. భిన్నాల గుణకారమే ఇంకా చదవని పిల్లకు దానికి ఏం జవాబు చెప్తాం? రెండో ఉదాహరణ మధ్యలో ఉండగానే టైము అయిపోయిందన్నారు.

తర్వాత ఆఫీసు గదిలో హెడ్మాస్టరు అడిగింది ఒకటే ప్రశ్న. "ఈ ఇరవై నిమిషాలు అయ్యేసరికి పిల్లలకు ఏం రావాలని అనుకున్నారు?" "భిన్నాలు అర్థం కావాలి సార్" అన్నా. "అర్థమైందని మీకెట్లా తెలుస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

బయటికొచ్చి రాజ్‌విహార్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ అక్క మీద కోపంతో ఫోన్ చేసినా. ఆమె నవ్వి, "నువ్వు ఏం అడిగినావో ఒకసారి చదువుకోప్పా. నేను పోయిన వారం నా క్లాసులో చెప్పింది పంపినా. నీకు ఏ తరగతో, ఎంత టైమో నాకు కలొస్తుందా?" అంది. తప్పు ఆమెది కాదు. అడిగేవాడు చెప్పకుండా వదిలేసిన ఖాళీలను పంపేవాళ్లు తమ క్లాసుతో, తమ పీరియడ్‌తో నింపేస్తారు, అంతే. వచ్చిన ప్లాన్ బాగానే ఉంటుంది, కానీ అది వేరేవాళ్ల పిల్లలకు సరిపోయే ప్లాన్.

ఇప్పుడు నాకు జూనియర్లు అట్లాంటి మెసేజ్‌లే పెడుతున్నారు. "అన్నా, లెసన్ ప్లాన్ ఉంటే పెట్టు." సబ్జెక్టు కూడా ఉండదు ఒక్కోసారి. ఒకబ్బాయికి అట్లాగే సైన్సు పాఠం పూర్తి పీరియడ్ ప్లాన్ పంపితే, తీరా చూస్తే వాడికి కావాల్సింది కాలేజీలో సూక్ష్మబోధనకు. అది 6 నిమిషాల బోధన, ఒక్క నైపుణ్యం మీద మాత్రమే. (బోధన 6, సమీక్ష 6, మళ్లీ ప్లాన్ 12, మళ్లీ బోధన 6, మళ్లీ సమీక్ష 6, మొత్తం 36 నిమిషాలు. ఈ వరుస మెథడాలజీ బిట్లకు ఎట్లాగూ చదవాల్సిందే కాబట్టి ఇక్కడే గుర్తుపెట్టుకోండి.)

రెండో డెమో గురించి చెప్తా, అసలు విషయం అందులో ఉంది. వేరే స్కూలు, మళ్లీ భిన్నాలే. ఈసారి ఫోన్లోనే అడిగినా. ఏ తరగతి సార్? ఆరు. ఎంత టైము? 20 నిమిషాలు. భిన్నాల్లో ఏ భాగం? "ఏదైనా చెప్పండి" అన్నారు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేను ఇంకొకటి అడిగినా, "పిల్లలకు క.సా.గు. అయిపోయిందా సార్?" ఆయన ఎవరినో కనుక్కుని "ఇంకా కాలేదు" అన్నారు. ఆ ఒక్క జవాబుతో నా ప్లాన్ మొత్తం మారిపోయింది. హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడికను మనమందరం క.సా.గు. తోనే చెప్పడానికి అలవాటుపడ్డాం, అది రాని పిల్లల ముందు ఆ దారిలో పోతే మళ్లీ వ్యుత్క్రమం కథే.

వాళ్లు లక్ష్యం చెప్పలేదు కాబట్టి నేనే రాసుకున్నా. మొదట రాసింది "విద్యార్థి భిన్నాల సంకలనాన్ని అవగాహన చేసుకుంటాడు." హెడ్మాస్టరు ప్రశ్న గుర్తొచ్చి కొట్టేసినా. ఆ వాక్యంతో ఏ ఉదాహరణ తీసుకోవాలో తెలీదు, చివర్లో ఏం అడగాలో తెలీదు. రెండోసారి రాసింది ఇది: "12 గడుల కాగితపు పట్టీ ఇస్తే, హారాలు వేరైన రెండు భిన్నాలను దాని మీద గుర్తించి మొత్తం చెబుతాడు, 3 లెక్కల్లో కనీసం 2 సరిగ్గా చేస్తాడు." ఈ ఒక్క వాక్యంలో సామగ్రి ఉంది, పిల్లవాడు చేయాల్సిన పని ఉంది, ఎంతవరకు వస్తే చాలో కూడా ఉంది. మిగతా ప్లాన్ దీన్నుంచే పుట్టింది.

పట్టీయే ఎందుకంటే, మొదట జొన్నరొట్టెతో చెప్దామనుకున్నా, మనవైపు పిల్లలకు బాగా తెలిసింది కదా అని. ఇంట్లో చేసి చూస్తే రొట్టెను సగం, పావు చేయడం సులువే, మూడు సమాన ముక్కలు చేయమంటే మాత్రం చేతకాదు, పైగా ఆరిన రొట్టె పెళుసుగా విరుగుతుంది. పొడవాటి కాగితపు పట్టీ మీద 12 గడులు గీస్తే సగం అంటే 6 గడులు, మూడో వంతు 4, పావు 3. అన్నీ పూర్ణసంఖ్యలే. 1/2 + 1/3 అంటే 6 గడులు, 4 గడులు, మొత్తం 10 గడులు, అంటే 12లో 10. క.సా.గు. పేరెత్తకుండానే వచ్చేసింది. దాన్ని 5/6గా సూక్ష్మీకరించడం ఆ రోజు నా లక్ష్యంలో లేదు, కాబట్టి 10/12 దగ్గరే వదిలేసినా.

ఇరవై నిమిషాలను ఇట్లా పంచుకున్నా. మొదటి 3 నిమిషాలు పట్టీ మీద సగం ఎంత, పావు ఎంత అని అడగడం, అంటే పూర్వజ్ఞాన పరీక్ష. 7 నిమిషాలు నేను చేసి చూపించడం. 6 నిమిషాలు బెంచీకి ఒక పట్టీ ఇచ్చి 1/4 + 1/3 చేయించడం. ఆఖరి 4 నిమిషాలు ఎవరికి వాళ్లు రాయడం. 45 నిమిషాల పీరియడ్ అయ్యుంటే గుంపు పనికి 12, సొంతంగా చేయడానికి 10 ఇచ్చేవాణ్ని, 10/12 నుంచి 5/6కు కూడా పోయేవాణ్ని. చాలామంది చేసేదేంటంటే, 45 నిమిషాల ప్లాన్‌నే గబగబా 20 నిమిషాల్లో చెప్పేయాలనుకోవడం. అట్లా చేస్తే ఎప్పుడూ కోత పడేది చివరి భాగానికే, అంటే మూల్యాంకనానికే. అదే పోతే పిల్లలకు వచ్చిందో లేదో చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

లక్ష్యం తెలిస్తే ఇంకో లాభం, పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందే ఊహించొచ్చు. ఈ పాఠంలో తప్పు దాదాపు ఖాయం: పైవి కలిపి, కిందివి కలిపి, 1/2 + 1/3 = 2/5 అంటారు. "తప్పు" అని కొట్టేస్తే ఏమీ ఎక్కదు. నేను ఒక పట్టీలో సగం రంగేసి పెట్టుకున్నా, దాని కిందే అంతే పొడవున్న ఇంకో పట్టీని 5 భాగాలు చేసి రెండింటికి రంగేసినా. రెండూ బోర్డుకు అంటించి "సగానికి ఇంకొంత కలిపినాం కదా, మరి మొత్తం సగం కంటే తగ్గిందేంది?" అని అడిగినా. ఒక నిమిషం గది నిశ్శబ్దం, తర్వాత వెనక బెంచీ నుంచి "సార్, యాడో తప్పు పోయినాం" అని వచ్చింది. డెమో మొత్తంలో నాకు గుర్తుండిపోయింది అదే.

మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో టీచర్లు రాసే ప్లాన్ నమూనా ఒకసారి గమనించండి. పైన తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు, ఎన్ని పీరియడ్లు, ఆ కింద అభ్యసన ఫలితాలు, పూర్వ భావనలు. బోధన భాగం (టీచరు చేసి చూపడం, గుంపు పని, సొంత పని) వీటన్నిటి తర్వాతే వస్తుంది. నేను బీఎడ్ రికార్డులో ఆ పై గడులను చివర్లో, సంతకానికి ఇచ్చేముందు నింపేవాణ్ని. చాలామందిమి అంతే కదా.

పరీక్ష బిట్లకు కూడా ఇది నేరుగా పనికొచ్చింది. ఒక స్పష్టీకరణ ఇచ్చి అది ఏ లక్ష్యం కిందికొస్తుందని అడిగే బిట్లు నేను బట్టీ పట్టి తప్పులు చేసేవాణ్ని. ఇప్పుడు ప్రతిదాన్నీ భిన్నాల పాఠంలో పెట్టి చూసుకుంటా. "భిన్నం నిర్వచనాన్ని గుర్తుకు తెచ్చుకుంటాడు" జ్ఞానం. "క్రమ, అపక్రమ భిన్నాలకు భేదం చెబుతాడు" అవగాహన. కొత్త సమస్యను విశ్లేషించి సరైన పద్ధతి ఎంచుకుంటే వినియోగం. పట్టీ మీద కచ్చితంగా గడులు గీస్తే నైపుణ్యం. క్రియాపదం మీద కన్ను పెడితే సగం పని అయిపోతుంది.

ఆ రెండో డెమోకు ముందు అక్కకు పెట్టిన మెసేజ్ ఇప్పటికీ ఫోన్లో ఉంది, జూనియర్లకు అదే పంపుతుంటా: "అక్కా, ఆరో తరగతి లెక్కలు, తెలుగు మీడియం. హారాలు వేరైన భిన్నాల కూడిక, ఈ భాగంలో ఇదే మొదటి క్లాసు. 20 నిమిషాలు. క.సా.గు. రాదు, సమాన భిన్నాలు కొంచెం తెలుసు. పట్టీ మీద గుర్తించి కూడటం రావాలి, 3కి 2 చేయాలి. నీ దగ్గర ఇట్లాంటిది ఉందా?"

అక్క ఈసారి ఫోటోలేమీ పంపలేదు. "ఇంకేం కావాలప్పా, నువ్వే రాసేసినావు కదా. ఒకటి మార్చు, గుంపులో చేయించిన లెక్కనే చివరి మూడు లెక్కల్లో పెట్టినావేమో చూసుకో, చేయించిందే మళ్లీ అడిగితే జ్ఞాపకం పరీక్షించినట్టు" అని ఒక్క లైను పెట్టింది. చూస్తే నిజమే, గుంపులో చేయించే 1/4 + 1/3నే అటు ఇటు మార్చి 1/3 + 1/4 అని పెట్టినా. తీసేసి 1/2 + 1/4 రాసుకున్నా.