పాప డివిడెండ్ మీద కోసిన టీడీఎస్‌ని నా పాన్‌కి తెచ్చుకున్నాను

పోయిన వారం నా పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక, 26ఏఎస్, తెరిస్తే, మా అమ్మాయి షేర్ల డివిడెండ్ మీద కంపెనీ ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్, నా పాన్ కింద కనిపించింది. దీని కోసం ఎంత తిరిగానో, ఎన్ని మాటలు పడ్డానో నాకే తెలుసు. పిల్లల పేరు మీద షేర్లు ఉన్న వాళ్లందరికీ పనికొస్తుందని వేడి మీదే రాస్తున్నాను.

నెల్లూరులో ఉండే మా నాన్న తన షేర్లలో 400 మనవరాలి పేరుకి మార్చారు. పాపకి పదకొండేళ్లు. మైనర్ డీమాట్ ఖాతా తెరిచాం, గార్డియన్‌గా మా ఆయన సంతకం పెట్టారు. పాన్ కార్డు, ఖాతా, షేర్ల బదిలీ అన్నీ చకచకా అయిపోయాయి. 2024 ఆగస్టులో ఆ కంపెనీ షేరుకి 40 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. లెక్క ప్రకారం 16,000 రావాలి. పాప బ్యాంకు ఖాతాలో 14,400 పడ్డాయి. మిగతా 1,600 పది శాతం టీడీఎస్, అదీ పాప పాన్ మీద. ఇంకో కంపెనీ నుంచి 3,600 వచ్చాయి, దాంట్లో ఏమీ కోయలేదు. ఆ ఏడాది వరకూ ఒక కంపెనీ ఇచ్చే డివిడెండ్ 5,000 దాటితేనే టీడీఎస్ ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది.

టీడీఎస్ కోయలేదు కాబట్టి పన్ను లేదనుకునే వాళ్లు మా ఆఫీసులోనే బోలెడు మంది ఉన్నారు. అది తప్పు. 2020 ఏప్రిల్‌కి ముందు డివిడెండ్ మీద పన్ను కంపెనీయే కట్టేసేది. ఇప్పుడు ప్రతి రూపాయీ తీసుకున్న వాళ్ల ఆదాయమే, వాళ్ల స్లాబు ప్రకారం పన్ను కట్టాలి. మ్యూచువల్ ఫండ్ డివిడెండ్‌కీ ఇదే పద్ధతి.

మైనర్ దగ్గరికి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. పిల్లల పెట్టుబడి ఆదాయం తల్లిదండ్రులలో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. షేర్లు తాతయ్య ఇచ్చినా, నాయనమ్మ ఇచ్చినా అంతే. పిల్లలు సొంత ప్రతిభతోనో కష్టంతోనో సంపాదించినదైతే కలవదు, డివిడెండ్ అలాంటిది కాదు. మా ఇంట్లో జీతం నాదే ఎక్కువ. కాబట్టి 19,600 నా ఆదాయంలో కలపాలి. నాది ముప్ఫై శాతం స్లాబు, సెస్సుతో కలిపి పన్ను 6,115. అందులో 1,600 ఇప్పటికే కట్టినట్టు లెక్క, ఇంకా కట్టాల్సింది 4,515. ఆ 1,600 నా పన్నులో జమ, అంటే క్రెడిట్, నాకు రాకపోతే 6,115 పూర్తిగా నేను కట్టి, ఆ 1,600 పాప పాన్ మీద ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. పాత పద్ధతిలో ఉన్న వాళ్లకి ఒక్కో పిల్లకి 1,500 వరకూ మినహాయింపు ఉంది. నేను కొత్త పద్ధతిలో ఉన్నాను, నాకది లేదు.

మొదట మాకు తెలిసిన ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోన్ చూసుకుంటూనే, "పాప పాన్‌లో ఉన్నది మీ ఏఐఎస్‌లో కనపడదు కదమ్మా, చూపించకండి. పాప పేరు మీద ఒక రిటర్న్ వేసి ఆ 1,600 రీఫండ్ తీసేసుకుందాం" అన్నారు. ఏఐఎస్ అంటే మన పాన్ మీద పన్ను శాఖకి తెలిసిన ఆదాయాల జాబితా. ఆదాయం నాది, క్రెడిట్ మాత్రం పాపదట! ఏ ఆదాయం మీద కోశారో ఆ ఆదాయానికి పన్ను కట్టే వాళ్లకే క్రెడిట్ అన్నది ఈ రంగంలో మొదటి పాఠం. అది వదిలేసి దాచమని సలహా ఇచ్చే మనిషికి మనం ఫీజు ఎందుకివ్వాలి? రేపు నోటీసు వస్తే సంతకం మనది, ఆయనది కాదు. వచ్చే ఏడాది నుంచి పాప పేరు మీద 15జీ, అంటే పన్ను కట్టేంత ఆదాయం లేదనే డిక్లరేషన్, ఇచ్చేస్తే టీడీఎస్సే ఉండదని కూడా చెప్పారు. అదీ తప్పుడు డిక్లరేషనే అవుతుంది, ఎందుకంటే ఆ ఆదాయం ముప్ఫై శాతం కట్టే నా దగ్గర తేలుతుంది. ఆ రోజుతో ఆయన గడప తొక్కడం మానేశాను.

తర్వాత ఆదాయపు పన్ను నియమాలు నేనే చదివాను. 37బీఏ నియమం రెండో ఉపనియమంలో నా సమస్యకి జవాబు సూటిగా ఉంది. పన్ను కోసింది ఒకరి పేరు మీద, ఆదాయం పన్నుకి వచ్చేది ఇంకొకరి దగ్గర అయితే, ఆ మొదటి వాళ్లు కంపెనీకి ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. క్రెడిట్ ఎవరికి వెళ్లాలో వాళ్ల పేరు, చిరునామా, పాన్, ఏ చెల్లింపు గురించి, ఎందుకు అన్నది అందులో రాయాలి. దాన్ని బట్టి కంపెనీ తన టీడీఎస్ రిటర్న్‌లో రెండో వాళ్ల పేరే చూపించి, సర్టిఫికెట్ కూడా వాళ్లకే ఇవ్వాలి.

2025 జూన్‌లో రిటర్న్ వేసే ముందు, ఆ కాగితాలన్నీ పట్టుకుని కంపెనీ షేర్ల పని చూసే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాను. బెంగళూరు మారతహళ్లి నుంచి ఆ ట్రాఫిక్‌లో సెలవు పెట్టి మరీ వెళ్లాను. టోకెన్ తీసుకుని చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. కౌంటర్‌లో ఉన్నాయన డీమాట్ కాగితం చూసి, "గార్డియన్ ఈయన కదా, మీరెవరు?" అన్నాడు. పాప తల్లినని చెప్పాను. "అయితే ఫాదర్‌ని రమ్మనండి, క్రెడిట్ కావాలంటే ఆయన పాన్ ఇవ్వండి" అన్నాడు. డీమాట్‌లో సంతకం ఎవరిదన్నది వేరు, ఆదాయం ఎవరి దగ్గర కలుస్తుందన్నది వేరు అని చెప్పబోయాను. మధ్యలోనే ఆపేసి, వెనకాల లైన్‌లో ఉన్న వాళ్లకి వినపడేలా, "పదహారు వందల కోసం ఇంత దూరం వచ్చారా మేడమ్?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చెవులు వేడెక్కిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న దాన్ని. నా జీతం మా ఆయన జీతం కంటే ఎక్కువన్న సంగతి అక్కడ గట్టిగా చెప్పి రుజువు చేసుకోవాల్సి రావడం ఏం న్యాయం? ఆ మాట చెప్పాను కూడా. ఇంకోసారి నవ్వు వినపడింది.

నేను లేవలేదు. నియమం ప్రింటు ముందు పెట్టి చదవమన్నాను. "ఇది బ్రోకర్లకి, క్లియరింగ్ మెంబర్లకి" అన్నాడు. కంపెనీలు వాటాదార్లకి పంపే టీడీఎస్ నోటీసుల్లో ఈ నియమం గురించి రాసేటప్పుడు ఎక్కువగా బ్రోకర్ల ఉదాహరణే ఇస్తాయి. అందుకే వీళ్లకి అదొక్కటే తలకెక్కింది. నియమంలో బ్రోకర్ అన్న పరిమితి ఎక్కడుందో చూపించమని అడిగాను. చూపించలేక లోపల నుంచి ఒకావిడని పిలిచాడు. ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి అసలు విషయం చెప్పింది: "2024 ఆగస్టుది ఆ త్రైమాసికం రిటర్న్‌లో పాప పాన్‌తో వెళ్లిపోయిందండీ. దాన్ని దిద్దాలంటే కంపెనీ కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాలి. మీ ఒక్కరి కోసం వాళ్లు వెయ్యరు. ఈసారి డివిడెండ్ ఎవరికివ్వాలో తేల్చే రికార్డు తేదీ దగ్గర పడినప్పుడు ముందే డిక్లరేషన్ పంపండి." మొదటాయన ఇదే మాట మొదట్లోనే చెప్పి ఉంటే నాకు ఆ అవమానం తప్పేది.

అయిపోయిన ఏడాదికి మిగిలిన దారి రిటర్న్ ఒక్కటే. ఇక్కడ ఐటీఆర్-1 పనికిరాదు. వేరే వాళ్ల పేరు మీద కోసిన టీడీఎస్ అడిగే వాళ్లు అది వేయకూడదు, ఐటీఆర్-2 వేయాలి. మూడు చోట్ల మన మాట ఒకేలా ఉండాలి. మన ఆదాయంలో కలిసే వేరే వాళ్ల ఆదాయం చూపించే Schedule SPI లో పాప పేరు, పాన్, బంధుత్వం, 19,600 రాశాను. అదే మొత్తం డివిడెండ్‌గా ఇతర ఆదాయాల్లో, ఏ తేదీల మధ్య వచ్చిందో ఆ గడిలో వేశాను. టీడీఎస్ షెడ్యూల్‌లో క్రెడిట్ ఎవరి పేరు మీద అన్న చోట Other Person ఎంచుకుని, పాప పాన్, పన్ను కోసిన కంపెనీకి ఉండే నంబరు ట్యాన్, 1,600 ఇచ్చాను. దాని పక్కనే ఆ పన్నుకి సరిపడే ఆదాయం అడుగుతారు. అక్కడ 16,000 వేయాలి, బ్యాంకులో పడిన 14,400 కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి తక్కువ వేస్తే కంపెనీ చెప్పిన ఆదాయానికీ మనం చూపించిన దానికీ పొంతన కుదరదు. ట్యాన్, అంకెలు కచ్చితంగా ఉండాలి కాబట్టి కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, ఫారం 16ఏ, ముందే దించుకోండి. అది పాప పేరు మీదే వస్తుంది, పర్వాలేదు.

ప్రాసెసింగ్ అయ్యాక పన్ను శాఖ నుంచి 143(1) ఇంటిమేషన్ వచ్చింది. అందులో రెండు నిలువు వరసలు ఉంటాయి, ఒకటి మనం చెప్పింది, రెండోది వాళ్లు లెక్క కట్టింది. టీడీఎస్ దగ్గర రెండు వైపులా పాప 1,600 కలిసే ఉంది. అక్కడ తగ్గించి ఉంటే సరిదిద్దమని రెక్టిఫికేషన్ పెట్టడానికి 16ఏ, పాప పుట్టిన తేదీ పత్రం సిద్ధంగా ఉంచుకున్నాను. అవసరం పడలేదు.

ఈ ఏడాది డివిడెండ్‌కి మాత్రం కంపెనీ నుంచి నోటీసు రాగానే మొదలుపెట్టాను. టీడీఎస్ కాగితాలకి చివరి తేదీ అందులోనే ఉంటుంది, అది దాటితే మెయిల్ చూసే నాథుడు ఉండడు. పాప తరఫున గార్డియన్‌గా మా ఆయన సంతకంతో డిక్లరేషన్ రాశాం: ఫలానా డీమాట్ ఖాతాలోని 400 షేర్ల డివిడెండ్ ఆదాయం చట్టప్రకారం తల్లి ఆదాయంలో కలుస్తుంది, క్రెడిట్ ఈ పాన్‌కి ఇవ్వండి అని. మా ఇద్దరి పాన్‌లు, పాప పాన్, పుట్టిన తేదీ పత్రం జత చేశాం. రిజిస్ట్రార్‌తో పాటు కంపెనీ సెక్రటరీ మెయిల్‌కి కూడా పంపాను. రిజిస్ట్రార్ మళ్లీ బ్రోకర్ల పాటే పాడితే, సెక్రటరీ ఆఫీసు నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, నమోదు చేసుకున్నామని.

అయినా వెంటనే కనపడదు, అక్కడ చాలామంది కంగారు పడతారు. జులై నుంచి సెప్టెంబర్ వరకూ కోసిన దానికి కంపెనీ రిటర్న్ వేసే గడువు అక్టోబర్ 31. అది వేసి, ప్రాసెస్ అయ్యాకే 26ఏఎస్‌లో వస్తుంది. నాకు నవంబర్‌లో వచ్చింది, కంపెనీ ట్యాన్ ఎదురుగా నా పాన్ మీద. ఈ ఏడాది రిటర్న్‌లో టీడీఎస్ దగ్గర Other Person అవసరం లేదు. Schedule SPI మాత్రం పాపకి పద్దెనిమిది నిండే దాకా నింపుతూనే ఉండాలి.