స్వాగత మెయిళ్లు మూడు, చిక్కంతా రెండోదానితోనే

బెంగళూరులో పిల్లల కథల యాప్ నడిపే ఒక చిన్న సంస్థలో తెలుగు చందాదారులకు వెళ్లే మెయిళ్లు నేను రాస్తాను. కొత్తగా చందా కట్టిన తల్లిదండ్రులకు మూడు స్వాగత మెయిళ్లు పంపాలని, ఒక్కో మెయిల్ ఒక్క పని మాత్రమే చేయించాలని మొదటే అనుకున్నాం. చందా కట్టిన వెంటనే వెళ్లే మొదటి మెయిల్ పని పిల్లల వయసు ఎంపిక చేయించడం. మర్నాడు సాయంత్రం ఏడింటికి వెళ్లే రెండోదాని పని ఒక కథ వినిపించడం. కథ విన్నవారికి మాత్రమే వెళ్లే మూడోదాని పని యాప్‌లో రోజూ పడుకునే వేళకు గుర్తుచేసే గంట పెట్టించడం.

మొదటి, మూడో మెయిళ్లు ఏ తగాదా లేకుండా ఆమోదం పొందాయి. రెండోదాని మీదే రభస జరిగింది. అందులో కొత్త కథల జాబితా, స్నేహితులకు చెప్పండన్న బటన్, వార్షిక చందా రాయితీ కూడా పెట్టాలని మా మార్కెటింగ్ అధికారి పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ‘ఈ రాత్రికి: నీలిరంగులో పడిన నక్క కథ’ అన్న శీర్షిక, కథ గురించి రెండు వాక్యాలు, ‘కథ వినిపించండి’ అన్న ఒకే ఒక్క బటన్ ఉంచాను. ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ గట్టిగా చెబుతాను.

మెయిళ్లు వెళ్లడం మొదలయ్యాక విచిత్రం కనిపించింది. ఐఫోన్ వాడేవారిలో బటన్ నొక్కినవారు బాగానే ఉన్నారు, కథ మొదలుపెట్టినవారు మాత్రం దాదాపు లేరు. మెయిల్ తెరిచినవారి లెక్కను నేను అసలు పట్టించుకోను. మెయిల్‌లోని బొమ్మ లోడైతే దాన్ని తెరిచినట్టు లెక్కిస్తారు. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ఒక గోప్యతా ఏర్పాటును ఆన్ చేసుకున్నవారికి ఆపిల్ మెయిల్ యాప్ బొమ్మలను ముందే తెచ్చేసుకుంటుంది కనుక, చదవని మెయిల్ కూడా తెరిచినట్టే నమోదవుతుంది. నొక్కడానికీ వినడానికీ మధ్య ఉన్న ఈ అగాధానికి మాత్రం నాకు కారణం అంతుపట్టలేదు. అందరూ కూర్చున్న సమావేశంలో ఆ అధికారి, ‘మీ తెలుగు చదివి జనం వెనక్కి పోతున్నారు’ అన్నారు. బటన్ నొక్కేదాకా వచ్చినవాళ్లు నా తెలుగు చదివే వచ్చారన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

మారతహళ్లిలో మా పక్కింటి అక్క కూడా అదే యాప్‌కు చందా కట్టింది. ‘ఒకసారి నా ఎదురుగా నొక్కవా అక్కా’ అని అడిగాను. ఆవిడ ఐఫోన్‌లో మెయిల్ తెరిచి బటన్ నొక్కితే యాప్ తెరుచుకోలేదు. సఫారీలో మా వెబ్‌సైట్ వచ్చి మళ్లీ లాగిన్ అడిగింది. ‘పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుందిరా’ అని ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది. అప్పటికే వాళ్ల బాబు బొమ్మల దగ్గరికి వెళ్లిపోయాడు.

బటన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే లింకు చిరునామా కనిపిస్తుంది. చూస్తే అది మా చిరునామా కాదు. మా తరఫున మెయిళ్లు పంపే సంస్థ, ఎవరు నొక్కారో లెక్కించడానికి ప్రతి లింకునూ తన చిరునామాలోకి మార్చి, అక్కడి నుంచి మా దగ్గరికి మళ్లిస్తోంది. ఐఫోన్ నొక్కిన చిరునామానే చూస్తుంది. ఆ డొమైన్ పేరు యాప్‌లో నమోదై, అక్కడ ఆ లింకులను ఏ యాప్ తెరవాలో చెప్పే `apple-app-site-association` అనే ఫైలు ఉంటేనే నేరుగా యాప్ తెరుస్తుంది. లేకపోతే బ్రౌజర్‌కు పంపుతుంది, ఆ తర్వాత మా చిరునామాకు మళ్లినా బ్రౌజర్‌లోనే ఉండిపోతుంది. ఆఫీసులో ఇలా మార్చని మా అసలు లింకును వాట్సాప్‌లో పంపుకుని పరీక్షించారు కాబట్టి అక్కడ యాప్ చక్కగా తెరుచుకుంది, ఎవరికీ అనుమానం రాలేదు.

మెయిళ్లు పంపే సంస్థ సహాయ విభాగానికి రాస్తే ‘మా వైపు లోపం లేదు, లింకు పనిచేస్తోంది’ అన్న ఒకే జవాబు వచ్చింది. లింకు పనిచేయడం వేరు, కథ మొదలవడం వేరు అని వారికి అర్థం చేయించలేకపోయాను. ఇలాంటి సంస్థకు డబ్బు కట్టేముందే, లెక్కింపు లింకులకు మన సొంత ఉపడొమైన్ వాడుకోవచ్చా, దాని మీద ఆ ఫైలు పెట్టనిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఆ దారిలో వెళితే ఉపడొమైన్ పేరు చేర్చి యాప్ కొత్త వెర్షన్ విడుదల చేయాలి. పైగా ఆపిల్ ఆ ఫైలును తన సర్వర్ల ద్వారా తెప్పించుకుంటుంది కనుక మార్పు వెంటనే అమలులోకి రాదు.

మేము అంతదాకా ఆగలేదు. రెండో మెయిల్‌లోని ఆ ఒక్క బటన్‌కు లెక్కింపు ఆపేశాం. ఎవరు నొక్కారో తెలియకపోతే ఎలాగని అధికారి మళ్లీ అభ్యంతరం చెప్పారు. ఆ మెయిల్ లక్ష్యం కథ వినిపించడం, ఆ లెక్క యాప్‌లోనే నమోదవుతుంది. చిరునామా చివర `?src=w2` చేర్చితే, కథ ఏ మెయిల్ నుంచి మొదలైందో కూడా తెలుస్తుంది. అదే మెయిల్‌లో ఆయన కోరినట్టు నాలుగు బటన్లు ఉండి ఉంటే, మిగతావాటి నొక్కుల మధ్య ఈ లోపం ఎవరి కంటా పడేది కాదు.

బటన్ మార్చాక, పక్కింటి అక్కకు అదే మెయిల్ మళ్లీ పంపించాను. ఈసారి నొక్కగానే యాప్ తెరుచుకుని కథ మొదలైంది. మెయిల్‌లో నా తెలుగు ఒక్క అక్షరం కూడా మారలేదు.